హాలులో కాఫీ: క్యాప్సూల్ మిషనా, ఫిల్టరా? ఒకసారి లెక్క చూద్దాం



వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో మూడో అంశం కాఫీ మిషను. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి క్యాప్సూల్ కాఫీ మిషను ఒకటి మన హాలుకు ఉచితంగా ఇస్తానన్నాడు. మంచి మనసుతో ఇస్తున్నాడు, అందులో సందేహం లేదు. దాని వెంటే ఇంకో మాట కూడా వచ్చింది: మిషను వస్తే కాఫీ కలిపే అమ్మకు నెలకు ఇస్తున్న మూడు వేలు మిగులుతాయి కదా అని. గ్రూపులో సగం మంది సరే అన్నారు, సగం మంది ఫిల్టర్ కాఫీయే కావాలన్నారు. రుచి గురించి వాదించుకుంటే తెల్లారదు. కాబట్టి నేను రుచిని పక్కనపెట్టి కప్పుకు ఎంత పడుతుంది, చెత్త ఎంత మిగులుతుంది, మధ్యేమార్గం ఏదైనా ఉందా అనేవి చూశాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ క్యాప్సూల్ అంటే ఏమిటో చూద్దాం, చాలామంది చూసి ఉండరు. బొటనవేలంత అల్యూమినియం గిన్నె. అందులో వేయించి పొడి చేసిన కాఫీ, పైన రేకు మూత. మిషనులో పెట్టి మీట నొక్కితే వెనకనుంచి సూదులు గుచ్చుకుంటాయి, బాగా ఒత్తిడితో వేణ్నీళ్లు లోపలికి వెళతాయి, ఆ ఒత్తిడికి ముందు రేకు చిరిగి చిక్కటి కాఫీ దిగుతుంది. స్విట్జర్లాండులో ఎరిక్ ఫావ్ర్ అనే ఇంజనీరు 1976లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. 1986 నుంచి వ్యాపారంగా నడుస్తోంది. పేటెంట్ల గడువు తీరాక అదే సైజులో అందరూ తయారుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన దేశపు కాఫీ కంపెనీలు కూడా అమ్ముతున్నాయి.

ఒక క్యాప్సూల్ తెచ్చి కోసి, ఇంట్లో చిన్న తూకం మీద పెట్టాను. లోపల కాఫీ పొడి ఐదున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఖాళీ గిన్నె ఒక గ్రాము. నేను ఈ నెలలో చూసిన ధరలు ఒక్కోటి 40 నుంచి 70 రూపాయల దాకా ఉన్నాయి. మన లెక్కకు 45 రూపాయలు పెట్టుకుందాం, అంటే తక్కువ వైపే. ఐదున్నర గ్రాములకు 45 రూపాయలంటే కిలో కాఫీ పొడి ఎనిమిది వేల రూపాయలు దాటుతుంది. మన పేటలో కాఫీ పుడి అంగడిలో కళ్లముందే గింజలు వేయించి, మరలో వేసి ఇచ్చే ప్లాంటేషన్-ఎ, పీబెర్రీ మిశ్రమం, ఇరవై శాతం చికోరీతో, కిలో దాదాపు 900 రూపాయలు. తొమ్మిది రెట్లు తేడా. ఆ తొమ్మిది రెట్లలో కాఫీ గింజ వాటా చాలా చిన్నది. మిగతాదంతా గిన్నెకు, మూతకు, పెట్టెకు, ప్రకటనకు, సౌకర్యానికి.

ఇక కప్పు లెక్క. ఫిల్టర్‌లో ఒక లోటాకు పది గ్రాముల పొడి వేస్తాం, అంటే తొమ్మిది రూపాయలు. క్యాప్సూల్‌లో పొడి తక్కువే పడినా 45 రూపాయలు. పాలు, చక్కెర, గ్యాసు రెండింటికీ సమానం కాబట్టి వాటిని కలపడం లేదు. ఇంకో సంగతి. క్యాప్సూల్ కాఫీ పాలు లేకుండా తాగడానికి, లేదా కొంచెం పాలతో తాగడానికి తయారైంది. అందులో చికోరీ ఉండదు. నలభై మిల్లీలీటర్ల ఆ కాఫీలో మనం పోసే వంద మిల్లీలీటర్ల పాలు పోస్తే మన పెద్దవాళ్లు "ఇదేంటి, పాలకు రంగేశారా" అంటారు. స్ట్రాంగు కావాలన్నవాళ్లకు రెండు క్యాప్సూళ్లు వేయాలి. అప్పుడు ఒక లోటా 90 రూపాయలు.

ఇప్పుడు మన హాలుకే వర్తింపజేద్దాం. ఆదివారం సమావేశానికి సుమారు నలభై మంది వస్తారు. నెలకు నాలుగు ఆదివారాలు, 160 కప్పులు. లైబ్రరీకి, ఆఫీసు గదికి రోజూ వచ్చే ఆరుగురు, నెలకు 25 రోజులు, 150 కప్పులు. మొత్తం 310 కప్పులు. ఫిల్టర్ అయితే మూడు కిలోల వంద గ్రాముల పొడి, 2,790 రూపాయలు. కాఫీ కలిపే అమ్మకు ఇచ్చే 3,000 కలుపుకుంటే 5,790. క్యాప్సూల్ అయితే, ఒక్కరు కూడా రెండోది అడగలేదనే అనుకున్నా, 13,950. నెలకు 8,160 తేడా, సంవత్సరానికి 97,920 రూపాయలు. మన సంఘం ఏటా పిల్లల ఫీజులకు సాయం చేసే నిధి ఉంది కదా, ఈ డబ్బు అందులోంచి పోయేదే. మిషను ఉచితమే, కానీ దానికి మేత మనమే పెట్టాలి.

పైగా ఆ మూడు వేలు నిజంగా మిగులుతాయా? మిషను కాఫీ మాత్రమే దించుతుంది. పాలు ఎవరో కాచాలి, లోటాలు ఎవరో కడగాలి. ఇలాంటి ఇంటి మిషనుకు నీళ్ల తొట్టి ముప్పావు లీటరు లోపే ఉంటుంది, వాడేసిన క్యాప్సూళ్లు పడే డబ్బా పది పట్టేంత. నలభై మందికి కాఫీ ఇవ్వాలంటే మూడుసార్లు నీళ్లు నింపాలి, నాలుగుసార్లు డబ్బా ఖాళీ చేయాలి. ఒక్కో కప్పుకు అన్నీ కలిపి ఒక నిమిషం అనుకున్నా చివరి మనిషి చేతికి కాఫీ వచ్చేసరికి నలభై నిమిషాలు. మొదట తాగినవాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. మన అమ్మ ఒక పెద్ద గిన్నెలో పాలు, ఒక చెంబులో డికాక్షన్ పెట్టుకుని పది నిమిషాల్లో నలభై మందికి అందిస్తుంది. బై-టూ అడిగినవాళ్లకు బై-టూ, చక్కెర వద్దన్నవాళ్లకు అది లేకుండా. ఆమె జీతాన్ని మిగులుగా చూపే లెక్కలో ఈ పనంతా ఎవరు చేస్తారో రాయలేదు.

చెత్త సంగతికి వద్దాం. బెంగుళూరులో ఉన్నవాళ్లందరికీ తెలుసు, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు ఇవ్వాలి. వాడేసిన క్యాప్సూల్ ఈ రెంటిలో ఏది? బయట లోహం, లోపల తడి కాఫీ పిప్పి. తూకం వేస్తే పదమూడు గ్రాములు వచ్చింది. అందులో లోహం ఒక్క గ్రాము, మిగతా పన్నెండూ నానిన పిప్పి. తడి చెత్తలో వేస్తే ఎరువులోకి అల్యూమినియం పోతుంది. పొడి చెత్తలో వేస్తే పిప్పి రెండు రోజుల్లో బూజు పడుతుంది, దానితోపాటు కాగితాలూ పాడవుతాయి. సరిగ్గా చేయాలంటే మూత చించి, పిప్పి తోడి, గిన్నె కడిగి ఆరబెట్టాలి. ఒక్కోదానికి అర నిమిషం అనుకుంటే నెలకు 310 క్యాప్సూళ్లకు రెండున్నర గంటల పైనే. ఆ పని చేయడానికి మళ్లీ ఒక మనిషి కావాలి.

అల్యూమినియం కదా, గుజిరీవాడు కొంటాడు కదా అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. అల్యూమినియం ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చన్నది నిజమే. కానీ కిలో కావాలంటే వెయ్యి క్యాప్సూళ్లు కడగాలి. ఏడాదికి మనకు వచ్చేవి 3,720, అంటే నాలుగు కిలోల లోపు లోహం. కిలోకు వంద రూపాయలు ఇచ్చినా నాలుగు వందలు రావు. 1,67,400 రూపాయల క్యాప్సూళ్లు కొని నాలుగు వందల గుజిరీ అమ్మడం అన్నమాట. కొన్ని రకాలు ప్లాస్టిక్‌వి, వాటికి ఆ విలువ కూడా లేదు. "కంపోస్టబుల్" అని రాసి ఉన్నవి కూడా చూశాను. అవి ఎక్కువగా మొక్కజొన్న పిండి వంటి వాటితో చేసే ఒక రకం ప్లాస్టిక్. అరవై డిగ్రీలకు దగ్గరగా వేడి నిలిచే పెద్ద ఎరువు కేంద్రాల్లోనే అవి కుళ్లుతాయి. మన హాలు వెనక గుంతలో వేస్తే ఏళ్లకేళ్లు అలాగే ఉంటాయి. ఆ మాట చూసి కొనేవాళ్లు, చివరికి అది ఎక్కడికి వెళుతుందో ముందు కనుక్కోవాలి.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. జర్మనీలో హాంబర్గ్ నగరం 2016లోనే ప్రభుత్వ డబ్బుతో ఇలాంటి క్యాప్సూళ్లు కొనకూడదని నియమం పెట్టుకుంది. అమెరికాలో కె-కప్ అనే ప్లాస్టిక్ రకాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన జాన్ సిల్వన్, అది చేసినందుకు ఒక్కోసారి బాధేస్తుందని 2015లో బయటికే చెప్పారు.

అయితే న్యాయంగా మాట్లాడాలి. క్యాప్సూల్ వైపు కూడా రెండు నిజాలున్నాయి. మొదటిది, గాలి తగలకుండా మూసి ఉంటుంది కాబట్టి నెలల తరబడి వాసన పోదు. వారానికి రెండు మూడు కప్పులు మాత్రమే తాగే ఒంటరి మనిషి పావు కిలో పొడి కొంటే సగం వాసన పోయాకే తాగుతాడు. అలాంటివారికి క్యాప్సూల్ అర్థం లేనిదేమీ కాదు. రెండోది, పొడి సరిగ్గా కొలిచి ఉంటుంది, వృథా కాదు. కాఫీ తోటలో గింజ పండించడానికి పట్టే నీళ్లు, ఎరువు, శ్రమ తక్కువేమీ కాదు. అరవై మందికని డికాక్షన్ దించి ఇరవై మందిది మోరీలో పోస్తే, ఆ పారపోసిన కాఫీ భూమికి చేసే నష్టం క్యాప్సూల్ గిన్నె చేసేదానికన్నా ఎక్కువ కావచ్చు. కెనడాలో క్యుబెక్ పరిశోధకులు 2023లో ఇదే విషయం ఎత్తి చూపారు. అంటే ఫిల్టర్ పెట్టుకున్నంత మాత్రాన మనం పుణ్యాత్ములం కాము, కొలత ఉండాలి.

మధ్యేమార్గం ఏదైనా ఉందా అంటే, ఉంది: మళ్లీ మళ్లీ నింపుకునే స్టీలు క్యాప్సూల్. ఇప్పటికే ఇంట్లో మిషను ఉన్నవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అదే సైజు స్టీలు గిన్నె, మరతో బిగించే మూత, చుట్టూ ఒక సిలికాన్ రింగు. ఒక్కోటి సుమారు వెయ్యి రూపాయలనుకోండి. కిలో 1,200 రూపాయల మంచి కాఫీ వేసుకున్నా ఐదున్నర గ్రాములకు ఏడు రూపాయల లోపే. కప్పుకు 38 రూపాయలు మిగులుతుంది, అంటే ఇరవై ఏడో కప్పుకల్లా గిన్నె ఖరీదు వచ్చేస్తుంది.

కానీ అది పనిచేయాలంటే పొడి సంగతి తెలియాలి. పొడి బరకగా ఉంటే నీళ్లు పది సెకన్లలో జారిపోయి పలచటి, పులుపు తగిలే కాఫీ వస్తుంది. పిండిలా మరీ మెత్తగా ఉంటే మిషను మూలుగుతుంది, చుక్క చుక్కగా దిగుతుంది, కొన్నిసార్లు అసలు దిగదు. అప్పుడు వెంటనే ఆపాలి, లేకపోతే పంపు మీద భారం పడుతుంది. సన్న ఉప్పు రవ్వకన్నా ఇంకొంచెం మెత్తగా ఉంటే సరిపోతుంది. అంచుదాకా నింపి, వేలితో మెల్లగా అదిమి, అంచు మీద ఒక్క రేణువు కూడా లేకుండా తుడిచి మూత బిగించాలి. అంచున పొడి ఉంటే మూత సరిగా కూర్చోదు, నీళ్లు పక్కనుంచి కారి వాడేసినవి పడే డబ్బాలోకి పోతాయి. కప్పులో తక్కువ, డబ్బాలో ఎక్కువ కనిపిస్తే కారణం అదే, లేదా రింగు అరిగి ఉంటుంది. చికోరీ కలిపిన పొడి ఇందులో వేయకండి. చికోరీ తడికి ఉబ్బి జిగురుగా మారి రంధ్రాలు మూసేస్తుంది. క్యాప్సూల్ అంచున బార్‌కోడు చదివి గిరగిరా తిప్పే కొత్తరకం మిషన్లకు ఈ స్టీలు గిన్నెలు మామూలుగా పనికిరావు. కొనేముందు మీ మిషను ఏ రకమో చూసుకోండి. వారంటీ కాగితంలో వేరే క్యాప్సూళ్ల గురించి ఏం రాశారో కూడా చదవండి.

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది. నలభై మంది హాలుకు సరిపోదు. ఒక్కోసారి దించాక కాలే గిన్నె తీసి, పిప్పి కొట్టి, కడిగి, తుడిచి, మళ్లీ నింపడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నలభై మందికి ఎంతసేపో మీరే లెక్కేసుకోండి.

మరి హాలులో ఫిల్టర్ ఎలా నడపాలి? ఇక్కడ కూడా డబ్బు పోయే చోట్లు రెండున్నాయి.

మొదటిది పొడి వయసు. ఇప్పుడు నెలకు మూడు కిలోలూ ఒకేసారి మర ఆడించి తెస్తున్నాం. గింజగా ఉన్నప్పుడు వాసన వారాల తరబడి నిలుస్తుంది, పొడి చేశాక రోజుల్లో పోతుంది. మూడో వారానికి డికాక్షన్ చప్పబడుతుంది, కలిపే మనిషి ఇంకో చెంచా వేస్తుంది. పది గ్రాములు పదమూడు అయితే తొమ్మిది రూపాయల కప్పు పన్నెండు రూపాయలకు దగ్గరవుతుంది. అంగడి మనకు నడిచి వెళ్లే దూరమే. వారానికోసారి, శనివారం సాయంత్రం, 800 గ్రాముల లోపు ఆడించుకుంటే చాలు. హాలుకు సొంత మర కొనాల్సిన పని లేదు. ప్యాకెట్ పొడి కొంటే మాత్రం వెనక చదవండి. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నియమం, ఎంతెంతో ప్యాకెట్ మీద రాయాలి కూడా. సగం చికోరీ ఉన్న ప్యాకెట్‌ను, 80-20 పొడిని ధర ఒక్కటే చూసి పోల్చకూడదు.

రెండోది కొలత. నలభై మందికి 400 గ్రాముల పొడి. ఒకే ఫిల్టర్‌లో అంత వేస్తే పొర మందమై దిగనే దిగదు, అందుకే రెండు పెద్ద ఫిల్టర్లు, ఒక్కోదానిలో 200 గ్రాములు. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి రెండిటికీ కలిపి రెండు లీటర్ల నీళ్లు పోస్తే లీటరు రెండు వందల మిల్లీలీటర్ల డికాక్షన్ వస్తుంది, మనిషికి ముప్పై మిల్లీలీటర్లు. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత పోసి, రెండు నిమిషాల తర్వాత మిగతావి పోయాలి. అరగంట నుంచి ముప్పావు గంటలో దిగితే సరిగ్గా ఉన్నట్టు. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరక, లేదా పైన పళ్లెం సరిగా అదమలేదు. అసలు దిగకపోతే కింది గిన్నెలో గాలి బిగిసి ఉంటుంది. పై గిన్నెను కాస్త వదులు చేసి కూర్చోబెడితే దిగుతుంది. అంతమంది వస్తారో లేదో తెలియని రోజు ముందు ఒక ఫిల్టర్‌కే నీళ్లు పోయండి. జనం చూసి రెండోది పోయండి. పొడిగా ఉన్న కాఫీ మరుసటి రోజుకు పనికొస్తుంది, దిగిన డికాక్షన్ రాత్రికి చేదెక్కుతుంది. మిగిలిన పిప్పి తడి చెత్తకో, హాలు వెనక పూలకుండీల ఎరువు గుంతకో నేరుగా పోతుంది, అందులో ఏరాల్సింది ఏమీ లేదు.

కాబట్టి ఆదివారం నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. హాలు కాఫీ ఫిల్టర్‌తోనే సాగాలి. రెండు పెద్ద ఫిల్టర్లు కొనాలి, పొడి వారానికోసారి తేవాలి. కాఫీ కలిపే అమ్మ జీతం యథాతథంగా ఉండాలి. మిషను ఇస్తానన్న అబ్బాయికి ధన్యవాదాలు చెప్పి, ఆ మిషను ఖరీదును పిల్లల ఫీజు నిధికి ఇవ్వగలడేమో మర్యాదగా అడుగుదాం. మిషనే ఇస్తానంటే తీసుకుందాం, లైబ్రరీ గదిలో పెడదాం, రెండు స్టీలు క్యాప్సూళ్లతో. పాలు లేని కాఫీ తాగే నలుగురైదుగురికి అది ఉపయోగపడుతుంది. అయితే విసిరేసే క్యాప్సూళ్లు సంఘం డబ్బుతో కొనకూడదని మినిట్స్‌లో రాసుకోవాలి.

నా ధరల్లో తేడా ఉంటే, మీ వీధిలో పొడి ఎంతో, మీరు వాడే క్యాప్సూల్ ఎంతో కింద రాయండి. శనివారం రాత్రి వరకు వచ్చినవన్నీ కలిపి లెక్క సరిచేసి కోశాధికారి గారికి ఇస్తాను.